రెండు ఊళ్ల ధరల మధ్య చేతికి మిగిలేది ఎంత?

ఒక ఊళ్లో చవగ్గా దొరికే సరుకు కొని, ఇంకో ఊళ్లో అమ్మి నాలుగు డబ్బులు సంపాదించాలనుకునేవాళ్లు చాలామంది నా దగ్గరికి ఒకే లెక్కతో వస్తారు. అక్కడ కిలో 100, ఇక్కడ 160, మధ్యలో 60 మిగులుతుంది, బండి ఖర్చు పోయినా 50 ఎక్కడికీ పోదు అంటారు. ఆ 60లో చివరికి ఏడో ఎనిమిదో చేతికొస్తే వ్యాపారం బాగానే నడిచినట్టు అని నేను చెబితే, నిరుత్సాహపరుస్తున్నాననుకుంటారు. నేను వద్దనడం లేదు. ఈ పనిలో సంపాదన ఉంది, దీని మీదే కుటుంబాలు నడిపేవాళ్లు నాకు తెలుసు. కానీ ఆ సంపాదన ధరల తేడాలో లేదు. మధ్యలో మనం చేసే పనిలో ఉంది, డబ్బు ఎంత త్వరగా తిరిగి వస్తుందన్న దానిలో ఉంది. ఈ సంగతి లెక్క వేసి చూపిస్తే తప్ప నమ్మకం కుదరదు కాబట్టి, మొత్తం లెక్క వేసే చూపిస్తాను.

తూకానికి అమ్మే ఎండు సరుకు ఒకటి తీసుకుందాం. పేరు ఏదైనా ఫరవాలేదు, డబ్బు ఏ దేశానిదైనా ఫరవాలేదు. పండించే ఊళ్లో, లేదా తయారుచేసే ఊళ్లో, కిలో 100కి దొరుకుతోంది. దూరంగా ఉన్న పట్టణంలో అంగడి అల్మరాలో అదే సరుకు 160 ఉంది. ఇక్కడే మొదటి పొరపాటు జరుగుతుంది. 100 అనేది టోకు ధర, 160 అనేది చిల్లర ధర. ఆ అంగడి యజమాని మన దగ్గర 160కి కొనడు. అతనికి అద్దె ఉంది, అమ్మకానికి పట్టే రోజులున్నాయి, పావు కిలో అర కిలో తూచి ఇచ్చే పని ఉంది. అతను మనకు ఇచ్చేది 130. కాబట్టి అమ్మబోయే ఊరికి వెళ్లి అల్మరాలో ధర చూసి రావడం వల్ల ఉపయోగం లేదు. “ఈ సరుకు మీకు ఇప్పుడు ఎవరు వేస్తున్నారు, ఎంతకి వేస్తున్నారు, డబ్బు ఎన్ని రోజులకి ఇస్తున్నారు?” అని అడిగి రావాలి. ఒక్కరిని అడిగితే చాలదు. నలుగురిని విడివిడిగా అడిగితే నిజం దగ్గరికి వస్తాం.

తేడా ఇప్పుడు 30 అయింది. 500 కిలోలు కొన్నామనుకోండి. సరుకు ఖరీదు 50,000. కొన్న ఊళ్లో మధ్యవర్తి కమీషన్ 1,000. సంచులకు, కుట్టడానికి, ఎత్తుడు కూలికి కలిపి ఇంకో 1,000. బండి కిరాయి 3,500. దింపుడు కూలి 500. మన రానుపోను ఖర్చులు 1,000. మొత్తం 57,000 మన చేతిలోంచి వెళ్లింది. కాగితం మీద ఇప్పటికీ లెక్క బాగానే ఉంటుంది, 500 కిలోలను 130 చొప్పున అమ్మితే 65,000 వస్తుంది, 8,000 మిగులుతుంది.

అయితే 500 కిలోలు కొన్నామే కానీ, 500 కిలోలు అమ్మం. ఎండు సరుకులో కూడా తేమ ఉంటుంది. కొన్నప్పుడు 14 శాతం తేమ ఉన్న సరుకు, దారిలోనూ గోడౌన్లోనూ ఆరి 11 శాతానికి వచ్చిందనుకుందాం. మూడు శాతమే కదా, 15 కిలోలు పోతాయి అనిపిస్తుంది. సరిగ్గా లెక్క వేస్తే ఇంకొంచెం ఎక్కువ పోతుంది. మొదట 500 కిలోల్లో అసలు సరుకు 430 కిలోలు, మిగిలిన 70 నీరు. ఆ 430 కిలోలు ఇప్పుడు మొత్తంలో 89 శాతం కావాలి. 430ని 0.89తో భాగిస్తే 483 వస్తుంది. అంటే 17 కిలోలు గాలిలో కలిసిపోయాయి. ఎవరూ దొంగిలించలేదు, ఎవరూ మోసం చేయలేదు. కిలో 100 చొప్పున 1,700 పెట్టి మనం నీళ్లు కొన్నాం, వాటికి బండి కిరాయి కూడా కట్టాం.

కొత్తవాళ్లు ఈ తరుగును చూసి కాటాలో మోసం జరిగిందని గొడవకు దిగడం నేను చూశాను. కాటా మోసం కూడా ఉంటుంది, దాన్ని పట్టుకోవడం తేలిక. కచ్చితమైన బరువు తెలిసిన ఒక రాయినో డబ్బానో వెంట తీసుకెళ్లి ముందు దాన్ని తూచి చూడాలి. ఖాళీ సంచి బరువు విడిగా చూడాలి. తేమను పట్టుకోవడానికి మాత్రం కొంచెం ఓపిక కావాలి. గింజ సరుకైతే పాత పద్ధతి ఒకటుంది. బాగా పొడిగా ఉన్న గాజు సీసాలో మూడో వంతు సరుకు పోసి, పొడి ఉప్పు కొంచెం వేసి, మూత గట్టిగా పెట్టి కాసేపు ఊపాలి. ఒక పావుగంట అలా వదిలేసి చూస్తే, ఉప్పు సీసా గోడలకు అంటుకుని ఉంటే తేమ 15 శాతం కంటే ఎక్కువ ఉన్నట్టు. అంటుకోకపోతే సరుకు నిల్వకు పనికొచ్చేంత పొడిగా ఉందని అర్థం. సరిగ్గా ఎంత శాతమో ఇది చెప్పదు కానీ, కొనకూడని సరుకును కొనకుండా ఆపుతుంది. వ్యాపారం కొంచెం పెరిగాక తేమ కొలిచే మీటర్ కొనడం మంచిది. ఆ మీటర్ చేతిలో ఉంటే బేరం తీరే మారిపోతుంది. “రెండు తగ్గించండి” అని అడిగేవాడి మాట ఎవరూ పట్టించుకోరు. “పధ్నాలుగు చూపిస్తోంది, పదకొండు లెక్కన తూకం కట్టండి” అన్నవాడితో అమ్మేవాళ్లు కూర్చుని మాట్లాడతారు. మన లెక్కలో ఈ ఒక్క మాట విలువ 1,700. కిలోకి దాదాపు మూడున్నర తగ్గించుకున్నట్టే.

మళ్లీ లెక్కకు వద్దాం. 483 కిలోలు దిగాయి. సంచులు విప్పి చూస్తే అడుగున పొడి, విరిగిన ముక్కలు ఒక 13 కిలోలు తేలాయి. అవి సగం ధరకు పోతాయి. మంచి సరుకు 470 కిలోలు. 130 చొప్పున 61,100, ముక్కలకు 845, కలిపి 61,945. ఖర్చు 57,000 తీసేస్తే 4,945 మిగిలింది. అది కూడా మొత్తం 130కే అమ్ముడుపోతేనే.

పోదు. ఈ విషయం ముందుగా ఆలోచించేవాళ్లు చాలా తక్కువ. మనం అడిగినప్పుడు అంగడివాళ్లు చెప్పిన 130 అనేది వాళ్లకు అవసరమైన మొదటి సంచుల ధర. నాలుగు అంగళ్లు కలిపి 350 కిలోలు తీసుకున్నాక, మిగిలిన 120 కిలోలతో ఐదో మనిషి ముందు నిలబడితే, అతనికి మన అవసరం ముఖం మీదే కనిపిస్తుంది. “ఉంది నా దగ్గర, అయినా వచ్చావు కాబట్టి 118 అయితే వేసిపో” అంటాడు. కిరాయి పెట్టి తెచ్చిన సరుకును వెనక్కి తీసుకెళ్లలేం కాబట్టి వేసేస్తాం. అక్కడ 1,440 పోయింది. చివరికి మిగిలింది 3,505. అమ్మిన మంచి సరుకు మీద కిలోకి ఏడున్నర. మొదట్లో నేను ఏడో ఎనిమిదో అన్నది ఇదే. ఇందులో మన రోజుల కూలి ఇంకా తీయలేదు. కొనడానికి, వెంట రావడానికి, తిరిగి అమ్మడానికి నాలుగు రోజులు పని చేసి ఉంటే, ఆ నాలుగు రోజులు ఇంకెక్కడైనా పని చేస్తే ఎంత వచ్చేదో అది తీసేసిన తరువాతే లాభం అనే మాట వాడాలి.

ఇంత తక్కువా అని నిరాశపడే ముందు, ఇది ఎందుకు తక్కువో చూడాలి. రెండు ఊళ్ల మధ్య ధర తేడా రవాణా ఖర్చుకంటే చాలా ఎక్కువగా, చాలాకాలంగా కనిపిస్తోందంటే దాని వెనక ఏదో కారణం ఉంటుంది. మనకంటే ముందు ఆ తేడాను చూసినవాళ్లు చాలామంది ఉంటారు. తేమ, తరుగు, నాణ్యత తేడా, దారిలో పాడయ్యే గుణం, డబ్బు ఆలస్యంగా రావడం, ఇవన్నీ కలిపి ఆ తేడా అంత ఉండేలా చేస్తాయి. నిజంగా సమాచారం లేకపోవడం వల్లే ఉన్న తేడాలు కూడా ఒకప్పుడు బాగా ఉండేవి. దానికి మంచి రుజువు కేరళ తీరంలో దొరికింది. 1997 జనవరిలో ఒక ఉదయం బడగర తీరంలో 11 మంది జాలర్లు పట్టుకొచ్చిన చేపలను కొనేవాళ్లు లేక పారబోయడానికి సిద్ధమయ్యారు. అదే సమయంలో 15 కిలోమీటర్లలోపు ఉన్న వేరే తీరాల్లో 27 మంది కొనుగోలుదారులు చేపలు దొరక్క వెనుదిరగబోతున్నారు. ఈ సంగతిని నమోదు చేసిన ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సెన్, ఆ తీరానికి 1997 నుంచి 2001 మధ్య దశలవారీగా సెల్ ఫోన్ వచ్చాక ఏం జరిగిందో 2007లో ప్రచురించిన అధ్యయనంలో చూపించారు. జాలర్లు సముద్రంలోంచే ఫోన్ చేసి ఏ తీరంలో ధర బాగుందో కనుక్కోవడం మొదలుపెట్టారు. తీరాల మధ్య ధర తేడాలు బాగా తగ్గాయి, చేపలు పారబోయడం ఆగిపోయింది, జాలర్ల లాభం సగటున 8 శాతం పెరిగింది, తినేవాళ్లకు ధర 4 శాతం తగ్గింది.

నాకు ఈ ఉదాహరణ ఎందుకు ముఖ్యమంటే, ఇది రెండు విషయాలు చెబుతుంది. సరుకును ఉన్న చోటి నుంచి లేని చోటికి చేర్చడం నిజంగా పనికొచ్చే పని. కొన్నవాళ్లకూ అమ్మినవాళ్లకూ ఇద్దరికీ మేలు జరిగింది. వ్యాపారి మధ్యలో ఊరికే తింటాడని అనేవాళ్లతో నేను ఒప్పుకోను. కానీ “అక్కడ ధర ఎంతో నాకు తెలుసు, నీకు తెలీదు” అన్న దాని మీద నిలబడిన లాభం ఫోన్ రాగానే పోయింది. ఈరోజు ఫోన్ లేని అంగడివాడు లేడు. ధర తెలియడమే మన పెట్టుబడి అనుకుంటే ఆ వ్యాపారం కొన్ని వారాలు కూడా నిలవదు. మనం మొదటి లోడు దించిన మర్నాడే ఆ అంగడివాడు సంచి మీది ముద్ర చూసి సరుకు పుట్టిన ఊరికి తానే ఫోన్ చేయగలడు. మన దగ్గరే కొనాలంటే అతనికి ఇంకో కారణం ఉండాలి.

ఆ కారణాలు చిన్నవి, కష్టంతో కూడినవి. పొడి, ముక్కలు కొన్న ఊళ్లోనే జల్లించి వేరుచేయడం. సరుకును రెండు మూడు రకాలుగా ఏరి ఏ అంగడికి ఏది కావాలో అది ఇవ్వడం. అంగడివాడికి 50 కిలోలు కావాలంటే 50 కిలోలే, చెప్పిన రోజునే వేయడం. అతనే స్వయంగా తెప్పించుకోవాలంటే బండెడు కొనాలి, డబ్బు అందులో ఇరుక్కుంటుంది, చోటు కావాలి. అతని ఆ ఇబ్బంది తీర్చినందుకు వచ్చే డబ్బే మనకు ప్రతిసారీ మిగిలేది.

రవాణా కూడా అలాంటిదే. కొనే దగ్గర కిలోకి రెండు తగ్గించడానికి గంటలు గంటలు బేరమాడేవాళ్లు బండి కిరాయి దగ్గర మాత్రం అడిగినంత ఇచ్చేస్తారు. మనం అమ్మే ఊరి నుంచి సరుకు వేసుకొచ్చి ఖాళీగా తిరిగి వెళ్లే బండ్లు ఉంటాయి. ఆ డ్రైవర్‌కి ఎలాగూ వెనక్కి వెళ్లాల్సిందే, డీజిల్ డబ్బులు వచ్చినా చాలు. అలాంటి బండి సగం కిరాయికి దొరికితే 1,750 మిగులుతుంది. మన 3,505 కాస్తా 5,255 అవుతుంది, అంటే లాభం సగానికి సగం పెరిగింది. అయితే రిటర్న్ బండి మన టైముకి రాదు, ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అవుతుంది. అందుకే పాడయ్యే సరుకుకు ఇది పనికిరాదు. ఈ వ్యాపారానికి దిగేవాళ్లు ఎండు సరుకుతోనో పగలని వస్తువుతోనో మొదలుపెట్టాలని నేను గట్టిగా చెప్పడానికి ఇదొక కారణం. మరో సంగతి, తేలికగా ఉండి చోటు ఎక్కువ ఆక్రమించే వస్తువులకు కిరాయి బరువును బట్టి కాదు, చోటును బట్టి పడుతుంది. బుట్టలు, చాపలు, దూది లాంటివి కొనే ముందు కిలో ధర కాకుండా బండిలో ఎన్ని పడతాయో లెక్కపెట్టాలి. ఒకదానిలో ఒకటి ఇమిడేలా సర్దగలిగితే అదే లోడులో ఎన్నో రెట్లు ఎక్కువ పడతాయి.

దింపాక వచ్చే పేచీ గురించి ఒక మాట. ఫోన్లో 130 అన్న మనిషి, సరుకు తన గుమ్మంలో దిగాక ఒక గుప్పెడు చేతిలోకి తీసుకుని, “రంగు తగ్గింది, 120 చేసుకోండి” అంటాడు. అతను చెప్పేది నిజమే కావచ్చు, ఎత్తుగడ కావచ్చు. ఏదైనా సరే, ఆ క్షణంలో మన చేతిలో బలం ఉండదు. దీనికి మందు ముందే వేసుకోవాలి. కొనేటప్పుడే నమూనా తీసి రెండు పొట్లాలు కట్టి, ఒకటి అతనికి పంపి, ఒకటి మన దగ్గర ఉంచుకుని, “ఈ సరుకు, ఈ ధర, ఈ రోజు” అని ఫోన్లో మెసేజ్ పెట్టి అతనితో సరే అనిపించుకోవాలి. నమూనా పైసంచి నుంచి ఒక్క దానిలోంచే తీయకూడదు. చాలా సంచుల్లోంచి, అడుగు దాకా చెయ్యి పెట్టి తీసి కలపాలి. అదే ఊళ్లో ఇంకో కొనుగోలుదారుడి నంబరు మన దగ్గర ఉందని అతనికి తెలిస్తే పేచీ చాలావరకు రాదు.

ఇక అన్నిటికంటే ఎక్కువమందిని ముంచేది అరువు. దీని గురించి నేను తీవ్రంగా మాట్లాడతానని నాకు తెలుసు, కానీ దెబ్బతిన్న కొత్త వ్యాపారులతో మాట్లాడినప్పుడల్లా కథ దాదాపు ఇక్కడే ఆగుతుంది. మన లెక్కలో 57,000 పెట్టుబడి పది రోజుల్లో కొని, అమ్మి, నగదుగా తిరిగి వస్తే నెలకి మూడుసార్లు తిరుగుతుంది. ఒక్కోసారికి 3,505 చొప్పున నెలకి 10,515. అదే సరుకును 45 రోజుల అరువు మీద వేస్తే, 55 రోజులకి ఒకసారి 3,505. సరుకు అదే, ధర అదే, శ్రమ అదే. పైగా ఆ 57,000 నెలకి నూటికి రెండు వడ్డీకి తెచ్చింది అయితే, 55 రోజులకి వడ్డీ 2,090 పోయి 1,415 మిగులుతుంది. ఇదంతా అందరూ చెప్పిన రోజుకి డబ్బు ఇస్తే.

ఒక్క అంగడివాడు ఎగ్గొట్టాడనుకోండి. పెద్ద మొత్తం కాదు, 30 కిలోల డబ్బు. 3,900. మొత్తం 500 కిలోల లోడు మీద మనకు మిగిలిందే 3,505. ఆ ఒక్క సంచి డబ్బు రాకపోవడంతో మొత్తం లోడు నష్టంలోకి వెళ్లింది. దాన్ని తిరిగి రాబట్టాలంటే ఇలాంటి లోడు ఇంకోటి, అంతకంటే కొంచెం ఎక్కువే, ఏ తప్పూ జరగకుండా అమ్మాలి. అందుకే అరువు అడిగిన మనిషి మంచివాడా చెడ్డవాడా అని ఆలోచించడం నాకు సరైన ప్రశ్నగా అనిపించదు. చాలామంది మంచివాళ్లే. వాళ్లకు రావలసినవి కూడా ఎక్కడో ఆగి ఉంటాయి. మన వాటా ఆగితే మనం తట్టుకోగలమా అన్నది అసలు ప్రశ్న.

అరువు పూర్తిగా లేకుండా పట్టణంలో టోకుగా అమ్మడం కష్టం, అది ఒప్పుకుంటాను. అయినా హద్దు పెట్టుకోవచ్చు. ఏ ఒక్కరి దగ్గరా మన డబ్బు ఒక లోడు మీద మిగిలే లాభంకంటే ఎక్కువ ఆగకూడదు. పాత సరుకు డబ్బు పూర్తిగా ఇస్తేనే కొత్త సరుకు దించాలి. “పాతది అలా ఉండనీ, దీంతో కలిపి ఇస్తా” అన్న మాట విన్న రోజున సంచి బండిలోనే ఉండాలి. నగదు ఇచ్చేవాళ్లకు కిలోకి మూడు తగ్గించి అమ్మడం చాలామందికి నష్టంగా తోస్తుంది. 470 కిలోల మీద అది 1,410. ఇందాకటి వడ్డీ లెక్కన 45 రోజుల అరువుకే 1,710 పోతుంది, డబ్బు రాదన్న భయం దానికి అదనం. నా మటుకు నేను 127కి నగదు ఇచ్చేవాడికే అమ్ముతాను, 130కి అరువు అడిగేవాడికి కాదు. డబ్బు ఇబ్బందిలో ఉన్న అంగడిని గుర్తుపట్టడానికి కొన్ని ఆనవాళ్లు ఉంటాయి. అతను ధర బేరమాడకుండా వెంటనే ఒప్పుకుంటాడు. ఎప్పుడూ కొనేదానికంటే ఒక్కసారిగా రెట్టింపు అడుగుతాడు. అదే సరుకు ఇదివరకు వేసినవాళ్లు ఈమధ్య రావడం మానేసి ఉంటారు. బేరమాడని కొనుగోలుదారుడు దొరికితే సంతోషించడం సహజమే, కానీ ఇవ్వాలని లేనివాడికి ధర ఎంతైనా ఒకటే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పే ఏర్పాటు ఇది. మొదటి లోడు 500 కిలోలు వద్దు, పార్సిల్ సర్వీసులో వెళ్లే రెండు మూడు సంచులు చాలు. కిలోకి కిరాయి ఎక్కువే పడుతుంది, లాభం రాకపోవచ్చు. అయినా ఎంత తరుగు వస్తుంది, ఎన్ని ముక్కలు తేలతాయి, ఎవరు చెప్పిన ధర ఇస్తారు, ఎవరు ఎన్ని రోజులకి ఇస్తారు అన్న నాలుగు సంఖ్యలు సొంతంగా తెలుస్తాయి. ఇంకొకరి మాట మీద ఆధారపడని సంఖ్యలు అవే. ఒక నోటు పుస్తకంలో ప్రతి లోడుకీ ఈ నాలుగూ, డబ్బు పెట్టిన తేదీ, ఆ డబ్బు మొత్తం తిరిగి చేతికొచ్చిన తేదీ రాసుకోవాలి. అమ్మిన తేదీ కాదు, డబ్బు వచ్చిన తేదీ. కొన్ని లోడుల తరువాత ఆ పుస్తకంలో రెండు తేదీల మధ్య దూరం పెరుగుతూ పోతుంటే, అమ్మకాలు ఎంత బాగున్నా సరే కొత్త లోడు ఆపి పాత డబ్బు వసూలుకి వెళ్లాలి.